పది రోజుల్లో కడితే రెండు శాతం: ఒక సీడీ ఉత్తరం లెక్క

విజయవాడలో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక హోల్‌సేల్ షాపు నుంచి పార్టీలకు వెళ్ళిన ఉత్తరం ఇది. లెటర్‌హెడ్ మీద మొత్తం నాలుగు వాక్యాలు:

“ఆర్యా, మీ సహకారానికి కృతజ్ఞతలు. ఇకనుంచి మా బిల్లులకు పది రోజుల్లో పేమెంటు చేసిన పార్టీలకు రెండు శాతం క్యాష్ డిస్కౌంటు ఇవ్వగలము. గడువు ఎప్పటిలాగే ముప్పై రోజులు. ఈ అవకాశాన్ని వినియోగించుకోగలరు.”

ఆ షాపు లెక్కలు అప్పట్లో నేనే చూసేవాణ్ణి. ఉత్తరం టైపు చేసిందీ నేనే. అందులో తప్పు పట్టడానికేమీ లేదనిపించింది, ఓనరు గారు కూడా చదివి సంతకం పెట్టేశారు. నెల తిరగకముందే ఒక్కో వాక్యం మీదా ఒక్కో తగాదా వచ్చింది. పది రోజులు ఏ రోజు నుంచి? రెండు శాతం దేని మీద? పదకొండో రోజు కట్టినవాడి సంగతేమిటి? అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన ప్రశ్న షాపు లోపలి నుంచే వచ్చింది: ఇంతకీ దీనివల్ల మనకు మిగిలిందా, పోయిందా?

బజార్లో దీన్ని సీడీ అంటారు. అమెరికా పాఠ్యపుస్తకాలు 2/10, నెట్ 30 అని రాస్తాయి: పది రోజుల్లో కడితే రెండు శాతం తగ్గింపు, లేకపోతే ముప్పయ్యో రోజుకి పూర్తి సొమ్ము. ఆ పుస్తకాలన్నీ దీన్ని ఏడాది వడ్డీగా మార్చి 37 శాతం అని చూపించి, చదివేవాణ్ణి ఆశ్చర్యపరిచి ముగిస్తాయి. మనకు అంత దూరం వెళ్ళక్కర్లేదు. మన వడ్డీ భాషలోనే చెప్పుకుందాం. వందకు 98 కడితే సరిపోయేదాన్ని ఇరవై రోజులు ఆగి వంద కడుతున్నాం. అంటే 98 రూపాయలు ఇరవై రోజులు వాడుకున్నందుకు రెండు రూపాయలు ఇస్తున్నాం. నెలకు లెక్కగడితే నూటికి మూడు రూపాయల ఆరు పైసలు. మూడు రూపాయల వడ్డీ అన్నమాట. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వ్యాపారం చేస్తున్నాడంటే వాడి పని అయిపోయిందని బజారంతా చెప్పుకుంటుంది. అదే మనిషి సీడీ వదిలేసుకుంటే మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది అప్పులా కనిపించదు కదా.

బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు ఏడాదికి 12 శాతమైతే అది రూపాయి వడ్డీ. రూపాయికి తెచ్చి మూడు రూపాయలు మిగుల్చుకోవచ్చంటే ఎవడు వదులుకుంటాడు? అయినా మా పార్టీల్లో సగానికి పైగా వదులుకున్నారు. వాళ్ళు లెక్క రానివాళ్ళేమీ కాదు. వాళ్ళ లెక్క వేరు, చాలామటుకు అదే సరైన లెక్క.

ఉత్తరంలో గడువు ముప్పై రోజులని ఉంది. ముప్పయ్యో రోజుకి కట్టే పార్టీ మా ఖాతాల్లో అరుదు. గుడివాడ వైపు ఒక హార్డ్‌వేర్ షాపు ఆయన నలభై అయిదుకి కట్టేవాడు. ఇంకొకాయన అరవై దాటితేగానీ కదలడు, ఆలస్యానికి మేము వడ్డీ వేసిందీ లేదు. అలాంటివాడికి పదో రోజు కట్టడమంటే యాభై రోజుల ముందు కట్టడం. అదే రెండు రూపాయలు యాభై రోజులకు పంచితే నెలకు రూపాయి ఇరవై రెండు పైసలే వస్తుంది. డెబ్బై అయిదో రోజు కట్టేవాడికి రూపాయి లోపే. సీడీ విలువను తేల్చేది ఉత్తరంలో అచ్చయిన గడువు కాదు, సీడీ లేకపోతే ఆ మనిషి నిజంగా ఏ రోజు కట్టేవాడో ఆ రోజు. ఆలస్యంగా కట్టినా అడగని షాపు, తన సీడీ విలువను తనే తగ్గించుకుంటోంది.

పుస్తకాల లెక్కలో ఇంకో లోటు ఉంది, అది పన్ను. ఒక బిల్లు తీసుకుందాం. సరుకు విలువ 2,00,000. జీఎస్టీ 18 శాతం, అంటే 36,000. మొత్తం 2,36,000. రెండు శాతం అని ఉత్తరం చెప్పింది, దేని మీదో చెప్పలేదు. మేమనుకున్నది సరుకు విలువ మీద, అంటే 4,000. పార్టీలు కోసుకున్నది మొత్తం బిల్లు మీద, అంటే 4,720. తేడా 720 రూపాయలే. కానీ అది ఎవరి జేబులోంచి పోతుందో చూడాలి.

జీఎస్టీ చట్టం, అంటే 2017 నాటి కేంద్ర చట్టం 15వ సెక్షన్, సరుకు వెళ్ళాక ఇచ్చే తగ్గింపును పన్ను విలువలోంచి తీసేయాలంటే కొన్ని షరతులు పెట్టింది. ఆ తగ్గింపు గురించి సరుకు పంపేముందే, లేదా పంపేటప్పుడే ఒప్పందం ఉండాలి. అది ఫలానా బిల్లుకు సంబంధించినదని తెలియాలి. కొన్నవాడు ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. ఇవన్నీ కుదిరితే అమ్మినవాడు పన్నుతో సహా క్రెడిట్ నోట్ వేయొచ్చు. అప్పుడు విలువ 1,96,000, పన్ను 35,280, పార్టీ కట్టేది 2,31,280. అతను క్రెడిట్‌గా తీసుకునే పన్ను 35,280 పోతే సరుకు అతనికి పడ్డది 1,96,000.

ఇంత తతంగం వద్దనుకుంటే పన్ను ముట్టుకోకుండా కేవలం 4,000కు కమర్షియల్ క్రెడిట్ నోట్ ఇవ్వొచ్చు. పార్టీ 2,32,000 కడతాడు, పూర్తి 36,000 క్రెడిట్ తీసుకుంటాడు. సరుకు పడ్డది మళ్ళీ 1,96,000. అమ్మినవాడికీ రెండు దారుల్లో మిగిలేది ఒక్కటే. ఇలాంటి నోట్ల విషయంలో కొన్నవాడు క్రెడిట్ వెనక్కి ఇవ్వక్కర్లేదని 2025 సెప్టెంబరు 12 నాటి సర్క్యులర్ స్పష్టం చేసింది.

చిక్కల్లా ఈ రెంటినీ కలిపేసినప్పుడు. పార్టీ మొత్తం బిల్లు మీద 4,720 కోసుకుని, పూర్తి 36,000 క్రెడిట్ కూడా తీసుకున్నాడనుకోండి. సరుకు అతనికి 1,95,280కే పడింది. మేము మాత్రం ప్రభుత్వానికి 36,000 కట్టేశాం. ఆ 720 మా లాభంలోంచి పోయింది. ఒక్క బిల్లుకు 720 అంటే చిన్నదే. ఏడాది బిల్లులన్నీ కలిపి చూసినప్పుడు మా ఓనరు గారి ముఖం ఎలా ఉందో నాకింకా గుర్తుంది.

ఉత్తరం తేదీకి ప్రాణం వచ్చేది ఇక్కడే. పన్నుతో సహా తగ్గించుకోవాలంటే ముందస్తు ఒప్పందానికి సాక్ష్యం ఆ ఉత్తరమే. ఉత్తరం 10వ తేదీది, బిల్లు 7వ తేదీది అయితే ఆ బిల్లుకు ఆ దారి మూసుకున్నట్టే. ముందస్తు ఒప్పందం షరతును తీసేయాలని 2025 సెప్టెంబరులో జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం సిఫార్సు చేసింది. కాబట్టి క్రెడిట్ నోట్ వేసేముందు చట్టం తాజా పాఠం ఆడిటరును అడగాల్సిందే. ఎలాగైనా, ఉత్తరం ముందు, బిల్లు తర్వాత అన్న వరస పాటించినవాడికి నష్టం లేదు.

పన్ను వచ్చి చేరాక మన మూడు రూపాయల వడ్డీ కూడా మారుతుంది. పార్టీ ముందుగా కట్టేది 2,32,000, మిగిలేది 4,000. ఇరవై రోజులకు నూటికి 1.72, అంటే నెలకు రెండు రూపాయల యాభై తొమ్మిది పైసలు. తగ్గింపేమో సరుకు మీద, ముందుగా తేవాల్సిన డబ్బేమో పన్నుతో కలిపి. ఈ పార్టీ రూపాయి వడ్డీకి ఓడీ తీసి కడితే ఇరవై రోజులకు వడ్డీ 1,547 రూపాయలు. సీడీ 4,000లోంచి అది తీసేస్తే 2,453 మిగులు. ముప్పయ్యో రోజు కచ్చితంగా కట్టేవాడు సీడీ వదులుకోవడం తెలివితక్కువే. అరవయ్యో రోజు కట్టినా ఎవరూ అడగనివాడికి అదే సీడీ నెలకు రూపాయి మూడు పైసలు. బ్యాంకు వడ్డీ పోతే చేతిలో పడేది దాదాపు ఏమీ లేదు. అరవై దాటి కట్టే మా పెద్దాయన ఉత్తరం చదివి నవ్వి పక్కన పెట్టాడంటే, ఆయన ఈ లెక్క నోటితోనే వేసేసి ఉంటాడు.

ఇప్పుడు అమ్మేవాడి వైపు. ఇక్కడే నాకు పెద్ద అనుమానం. అంకెలు గుండ్రంగా చెప్తాను. షాపు అమ్మకం నెలకు యాభై లక్షలు, పన్ను కాకుండా. ఉత్తరం వెళ్ళాక సగం అమ్మకానికి, అంటే పాతిక లక్షలకు, పార్టీలు సీడీ తీసుకున్నాయి. ఖర్చు నెలకు 50,000. ఈ పాతిక లక్షల్లో పది లక్షలు ఎప్పుడూ వారంలో కట్టే మంచి పార్టీలవి. వాళ్ళు ఉత్తరం లేకపోయినా అప్పుడే కట్టేవాళ్ళు. వాళ్ళకిచ్చిన 20,000 ఊరికే పోయింది. మిగిలిన పదిహేను లక్షలు నలభై అయిదో రోజు రావాల్సినవి పదో రోజుకి వచ్చాయి. పన్నుతో కలిపితే 17.7 లక్షలు, ముప్పై అయిదు రోజులు ముందు. రూపాయి వడ్డీ చొప్పున మిగిలింది సుమారు 20,650. యాభై వేలు పెట్టి ఇరవై వేలు సంపాదించాం! ఓడీ పరిమితి నిండిపోయి రెండు రూపాయలకు బయట తెస్తున్నామనుకున్నా 41,300 దాటదు.

మరి ఎందుకిస్తారు? ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను చాలాకాలంగా తవ్వుతున్నారు. 1987లో జానెట్ స్మిత్ చెప్పిన మాట నాకు అన్నిటికంటే నచ్చింది. ఈ షరతు ఒక జల్లెడ అంటుందావిడ. అంత ఖరీదైన అరువును వదులుకోలేని కొనుగోలుదారు, తనకు ఇంకెక్కడా డబ్బు పుట్టడం లేదని తెలియకుండానే చెప్పేస్తున్నాడు. అమ్మేవాడికి బ్యాంకు కంటే ముందే ఆ సంగతి తెలుస్తుంది. 1997లో మిచెల్ పీటర్‌సన్, రఘురామ్ రాజన్ అమెరికాలోని చిన్న వ్యాపారాలను పరిశీలించి, బ్యాంకు తలుపు తెరుచుకోనివాళ్ళే సప్లయర్ల అరువు మీద ఎక్కువగా ఆధారపడతారని చూపించారు. 1999లో ఎన్‌గ్, స్మిత్, స్మిత్ ఇంకో సంగతి గమనించారు. షరతులు ఒక వ్యాపారానికీ ఇంకో వ్యాపారానికీ మారతాయి గానీ, ఒకే వ్యాపారంలో దాదాపు అందరివీ ఒకేలా ఉంటాయట. ఇది మన బజారుకు తెలియని సంగతి కాదు. పక్క షాపువాడు రెండిస్తుంటే మనం ఒకటిన్నర ఇవ్వలేం.

ఈ చిత్రాన్ని కొంత చెదరగొట్టిన పరిశోధనలూ ఉన్నాయి. 2011లో జియానెటి, బర్కార్ట్, ఎలింగ్‌సెన్ చూసినప్పుడు, చాలా సంస్థలకు సప్లయర్ అరువు ఖరీదైనదేమీ కాదని, చౌకగానే దొరుకుతోందని తేలింది. 2012లో క్లాపర్, లేవెన్, రాజన్ అమెరికా, యూరప్‌లలోని పెద్ద కొనుగోలుదారుల ఒప్పందాలు తిరగేస్తే, అన్నిటికంటే పెద్ద, పరపతి గల కంపెనీలకే చిన్న సప్లయర్లు అన్నిటికంటే ఎక్కువ గడువు ఇస్తున్నారని, ముందు కడితే తగ్గింపు అనేది మాత్రం అనుమానం ఉన్న కొనుగోలుదారులకే ఎక్కువగా ఇస్తున్నారని కనబడింది. ఆ రాజన్ గారే రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా, 2014 డిసెంబరులో, చిన్న సప్లయర్ల బిల్లులను వేలంలో బ్యాంకులకు అమ్ముకునే ట్రెడ్స్ వేదికలకు మార్గదర్శకాలు వచ్చాయి. సీడీ ఇవ్వకుండానే ముందుగా డబ్బు తెచ్చుకునే దారి అది. పెద్ద కంపెనీలకు సరుకు ఇచ్చేవాళ్ళకు పనికొస్తుంది. గుడివాడ హార్డ్‌వేర్ షాపు బిల్లును ఏ వేలంలో పెడతాం?

ఇవన్నీ చదివాక నేను అనుకునేది ఇది. మా షాపు యాభై వేలు ఖర్చుపెట్టింది వడ్డీ ఆదా కోసం కాదు, మునగకుండా ఉండటానికి. హోల్‌సేల్‌లో నూటికి అయిదు మిగిలితే గొప్ప. 2,36,000 బాకీ ఒక్కటి మునిగితే దాన్ని పూడ్చుకోవడానికి 47 లక్షల సరుకు అమ్మాలి. పైగా కట్టేసిన జీఎస్టీ, బాకీ మునిగిందని చెప్పినా వెనక్కి రాదు. పది రోజుల్లో వచ్చే డబ్బు మునగడం కష్టం. స్మిత్ గారి జల్లెడ మాకు ఒకసారి బాగా పనిచేసింది. రెండేళ్ళు వరసగా సీడీ తీసుకున్న ఒక పార్టీ ఉన్నట్టుండి మానేశాడు. పాత గడువు ప్రకారం ముప్పై రోజులకే కడుతున్నాడు, ఖాతాలో ఒక్క రూపాయి పాత బాకీ లేదు. అయినా సరుకు తగ్గించమన్నాను. నాలుగు నెలలకు ఆ షాపు షట్టరు పడిపోయింది. బాకీల జాబితా చూస్తూ కూర్చుంటే ఇది ఎప్పటికీ కనబడేది కాదు. సీడీ ఎవరెవరు తీసుకున్నారన్న జాబితా నెలనెలా చూడాలి, ముఖ్యంగా తీసుకోవడం మానేసినవాళ్ళ పేర్లు.

సరుకు తయారుచేసే చిన్న యూనిట్ల కథ వేరు. ఆటోనగర్‌లో ఫిట్టింగులు చేసే సూక్ష్మ, చిన్న పరిశ్రమకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అండ ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే కొన్నవాడు పదిహేను రోజుల్లో కట్టాలి, ఒప్పందం ఉన్నా నలభై అయిదు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా కూడే చక్రవడ్డీ. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మెలిక పెట్టింది: గడువు దాటితే, డబ్బు కట్టిన ఏడాదిలోనే కొన్నవాడు దాన్ని ఖర్చుగా చూపించుకోగలడు. ఈ స్థితిలో ఒప్పందం లేని చిన్న యూనిట్ పది రోజులకు రెండు శాతం ఇస్తానంటే, చట్టప్రకారం పదిహేనో రోజు రావాల్సిన డబ్బును అయిదు రోజుల ముందు తెచ్చుకోవడానికి రెండు శాతం ఇస్తున్నట్టు. కాగితం మీద అది దండగ. చట్టాన్ని చూపించి పెద్ద కొనుగోలుదారును అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుందన్నది వేరే సంగతి. మాలాంటి ట్రేడర్లకైతే ఆ అండ కూడా లేదు. 2021 జులై నుంచి వ్యాపారులకు ఉద్యం నమోదు ఇచ్చినా, అది బ్యాంకు అప్పుల ప్రాధాన్యం వరకే.

ఇక పది రోజుల తగాదా. మొదటి ఫోను గుడివాడ నుంచే వచ్చింది.

“బాబాయ్, నీ సరుకు లారీ ఆఫీసులోనే నాలుగు రోజులుంది. నాకు అందింది అయిదో రోజు. పది రోజులు అప్పట్నుంచి కదా లెక్క?”

బిల్లు తేదీ, సరుకు బయల్దేరిన తేదీ, అందిన తేదీ మూడూ వేర్వేరు. ఎల్ఆర్ మీద ఒకటి, బిల్లు మీద ఒకటి. దూరం ఊళ్ళకు అమ్మేవాడు బిల్లు తేదీ అంటే పార్టీకి నిజంగా దొరికేది ఆరు రోజులే. సరుకు అందిన తేదీ అంటే దాన్ని రుజువు చేసేదెవరు? మేము చివరికి బిల్లు తేదీనే ఉంచి, దూరపు పార్టీలకు పన్నెండు రోజులు చేశాం. బిల్లు రోజును లెక్కలోకి తీసుకోకుండా మర్నాటి నుంచి ఒకటి. చెక్కు ఇస్తే ఇచ్చిన రోజా, పాసైన రోజా అన్నది ఇంకో తగువు. చెక్కు చెల్లితే ఇచ్చిన రోజే కట్టినట్టు చూసే కోర్టు తీర్పులున్నాయి. అందుకే ఉత్తరంలో “మా ఖాతాలో జమ అయిన తేదీ” అని రాస్తేగానీ ఆ తగువు తెగదు. క్యాష్ డిస్కౌంటు అన్నారు కదా అని నోట్లకట్టలు తెచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒకరికి ఒక రోజులో పదివేలు దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చుగా నిలవదు. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం మాకే నిషేధం.

పదిహేడో రోజు కట్టి కూడా రెండు శాతం కోసేసుకున్న పార్టీతో ఏం చేయాలి? ఇక్కడ మన కాంట్రాక్టు చట్టం ఇంగ్లీషు న్యాయానికి భిన్నంగా ఉంటుంది. రావాల్సిన దానికంటే తక్కువ తీసుకుని చాలు అన్నా, మిగతాది తర్వాత అడగొచ్చని 1884లో ఫోక్స్ వర్సెస్ బీర్ కేసులో అక్కడి పెద్దల సభ తేల్చింది. మన 1872 చట్టం 63వ సెక్షన్ ప్రకారం బాకీదారుకు కొంత వదిలేయడానికి ప్రతిఫలం అక్కర్లేదు. ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే. కాబట్టి కోసుకున్న మొత్తాన్ని “పూర్తి చెల్లింపు” అని రసీదిచ్చి తర్వాత అడుగుదామంటే కుదరదు. మేము ఖాతాలో 4,000 అలాగే నిలబెట్టి, “బాకీ ఉంది” అని ఆ వారంలోనే ఉత్తరం పంపడం మొదలుపెట్టాం. మొదట్లో చూసీచూడనట్టు వదిలేసిన పార్టీలతో మాత్రం ఇది పనిచేయలేదు. మూడుసార్లు ఒప్పుకున్నారుగా, ఇప్పుడేమిటి అన్నారు. వాళ్ళన్నదీ నిజమే.

ఆ చట్టంలోనే 59 నుంచి 61 వరకు ఉన్న సెక్షన్లు సీడీకి ఇంకా దగ్గరివి. పార్టీ ఫలానా బిల్లుకని చెప్పి, లేదా సందర్భాన్నిబట్టి అది తెలిసేలా డబ్బు కడితే దానికే జమ చేయాలి. అలా తెలియకపోతే ఏ బిల్లుకు జమ చేయాలో అమ్మినవాడి ఇష్టం. ఇద్దరూ చెప్పకపోతే పాత బిల్లు నుంచి వరసగా. సీడీ కోసం పదో రోజున 2,32,000 పంపి, బిల్లు నంబరు రాయని పార్టీ డబ్బును నేను వాళ్ళ పాత బాకీకి జమ వేశాను. సీడీ పోయింది. నంబరు లేదు కాబట్టి న్యాయం నా పక్షమే అనుకున్నాను, కానీ సరిగ్గా ఆ బిల్లు మొత్తమే పంపారంటే అది దానికేనని వాళ్ళు వాదించొచ్చు. ఆ పార్టీ రెండు నెలలు మొహం చాటేసింది.

అయిదో నెలలో ఉత్తరం మళ్ళీ రాశాం. ఈసారి ఇలా వచ్చింది:

“ఆర్యా, ఈ ఉత్తరం తేదీ తర్వాత వేసే బిల్లులకు మాత్రమే ఈ షరతు. బిల్లు తేదీ మర్నాటి నుంచి పదో రోజులోగా, దూరపు పార్టీలకు పన్నెండో రోజులోగా, బిల్లు నంబరు రాసి పంపిన పైకం మా బ్యాంకు ఖాతాలో జమ అయితే, పన్నుకు ముందు సరుకు విలువపై నూటికి రెండు రూపాయలు తగ్గిస్తాము. దానికి పన్ను లేని క్రెడిట్ నోట్ ఇస్తాము. గడువు దాటిన పాత బాకీ ఉన్న ఖాతాకు ఈ తగ్గింపు వర్తించదు. గడువు తర్వాత కట్టి తగ్గించుకున్న మొత్తం బాకీగానే ఉంటుంది. వచ్చే మార్చి నెలాఖరు వరకు ఇది అమల్లో ఉంటుంది.”

కృతజ్ఞతల వాక్యం ఓనరు గారు పైన మళ్ళీ చేర్పించారు. పాత బాకీ షరతు ఉండాలా వద్దా అని ఆయనా నేనూ ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. అది పెడితే గుడివాడ ఆయనకు సీడీ పోతుంది, ఆయన పెద్ద పార్టీ. చివరికి పెట్టాం. మొదటి నెల సీడీ ఖర్చు 50,000 నుంచి 31,000కు దిగింది. గుడివాడ ఆయన మాత్రం ఎప్పటిలాగే నలభై అయిదో రోజుకే కడుతున్నాడు.